ఆర్డర్ లేట్ అయిందని కస్టమర్‌కి సారీ మెసేజ్ రాస్తే గొడవకి దిగినట్టు ఉందంటున్నారు, ఎలా మార్చాలి?

ప్రశ్న: ఇంట్లోనే మగ్గం వర్క్, బ్లౌజుల స్టిచింగ్ చేస్తాను, విజయవాడ. ఖమ్మంలో ఉండే పాత కస్టమర్ ఒకావిడ వాళ్ళమ్మాయి పెళ్ళికి మూడు బ్లౌజులు ఇచ్చారు. ఆవిడని అక్కా అనే పిలుస్తాను. 10వ తేదీ ఆదివారం ఇస్తానన్నాను, పెళ్ళి 17న. ఇవాళ 8. రెండు దాదాపు అయిపోయాయి. పెళ్ళికూతురి బ్లౌజుకి వీపు వర్క్ అయింది, చేతులు ఇంకా ఉన్నాయి. ఈ మెసేజ్ రాసుకున్నాను, ఇంకా పంపలేదు. మా వారు చదివి "ఇది సారీనా, గొడవా" అన్నారు. ఎలా మార్చాలి?

*"మేడం, మీ బ్లౌజుల ఆర్డర్ కొంచెం లేట్ అవుతుంది, సారీ. కానీ శ్రావణమాసం రష్ వల్ల అందరికీ లేట్ అవుతోంది, మీ ఒక్కరికే కాదు. మా వర్కర్స్ ఇద్దరు ఊరెళ్ళారు. మీరు కూడా డిజైన్ మధ్యలో మార్చారు కదా, దాంతో రెండు రోజులు పోయాయి. మేం మా వంతు ప్రయత్నం చేస్తున్నాం. వీలైనంత త్వరగా ఇస్తాం. ఇబ్బంది కలిగితే క్షమించండి. దయచేసి అర్థం చేసుకోండి."*

సమాధానం:

"కానీ" అన్న మాట దగ్గర ఆపేయండి. అక్కడి నుంచి చివరి దాకా మొత్తం తీసేయండి. ఆ స్థలంలో నాలుగు విషయాలు రాయండి: ఏది ఎప్పటికి వస్తుంది, ఆవిడకి దీనివల్ల ఏం కష్టం వచ్చింది, అందులో మీ తప్పు ఏమిటి, ఇప్పుడు ఆవిడ ముందున్న దారులు ఏమిటి. ఆ క్రమంలోనే రాయండి. కారణం ఒక్క వాక్యం మించకూడదు. పూర్తి మెసేజ్ కింద రాసి ఇస్తాను.

నేను పదహారేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి ఐదారేళ్ళు నేను రాసిన మెసేజ్‌లు అచ్చం మీవి లాగే ఉండేవి. ఒకావిడ గృహప్రవేశానికి రెండు పట్టు బ్లౌజులు ఇచ్చారు. రెండు రోజుల ముందు ఆవిడకి పన్నెండు లైన్ల మెసేజ్ పెట్టాను. కరెంటు పోయింది, కారిగర్‌కి జ్వరం, జరీ స్టాక్ రాలేదు, అన్నీ నిజాలే. ఆవిడ నుంచి ఒకే లైను వచ్చింది: "మీ పనివాళ్ళ సంగతి నాకెందుకండీ, నా ఫంక్షన్ ఎల్లుండి." చాలా రోజులు ఆ మాట కఠినంగా అనిపించింది. తర్వాత అర్థమైంది. ఆవిడకి కావాల్సినది ఒక్కటే, బ్లౌజు ఎప్పుడు వస్తుందన్నది. నా పన్నెండు లైన్లలో అది లేదు.

ముందు తేదీ తేల్చుకోండి, తర్వాత మాటలు

మీ మెసేజ్‌లో అన్నిటికన్నా పెద్ద లోపం "వీలైనంత త్వరగా" అన్న ముక్క. పెళ్ళి ఇంట్లో కూర్చున్న తల్లికి అది ఏ తేదీ? రేపా, 16వ తేదీ రాత్రా? ఆ మాట చదివాక ఆవిడ చేసే మొదటి పని మీకు ఫోన్ చేసి "అంటే ఎప్పుడు?" అని అడగడం. అప్పుడు మీరు కంగారులో నోటికొచ్చిన తేదీ చెప్తారు. అది కూడా తప్పితే ఇక ఎంత మంచి మెసేజ్ రాసినా పని చేయదు. మొదటిసారి లేట్ అయితే పాత కస్టమర్ ఓర్చుకుంటుంది. రెండో తేదీ కూడా తప్పితే మీరు అబద్ధం చెప్పారనుకుంటుంది.

కాబట్టి ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి నేను లెక్క వేస్తాను, మీ దగ్గర తేడా ఉంటే మార్చుకోండి. చేతుల వర్క్ మాత్రమే మిగిలింది. నా అనుభవంలో పెళ్ళికూతురి బ్లౌజుకి నిండుగా వర్క్ ఉన్న రెండు చేతులు ఒక మనిషికి మూడు రోజులు పడతాయి, ఇంకా దట్టంగా ఉంటే నాలుగు. ట్రేసింగ్ అయిపోయి మగ్గానికి ఎక్కించి ఉందనుకుంటే 9, 10, 11 వర్క్. 12న లైనింగ్ వేసి కుట్టడం. 13న హుక్స్, తాళ్ళు, కుచ్చులు, ఇస్త్రీ, ఒకసారి అన్నీ సరిచూసుకోవడం. 13 సాయంత్రానికి చేతిలో ఉంటుంది. అప్పుడు మీరు చెప్పాల్సినది 13 కాదు, 14 ఉదయం. ఆ ఒక్క పూట మీ దగ్గర ఉంచుకోండి. కారిగర్‌ని అడిగితే "రెండు రోజుల్లో అయిపోద్ది" అంటాడు. ఆ మాట కస్టమర్‌కి చేరవేయకండి. ఎన్ని పువ్వులు, ఎన్ని వరుసల నాట్స్ మిగిలాయో మీరే మగ్గం దగ్గర కూర్చుని లెక్కపెట్టండి.

ఈ లెక్క వేస్తే ఇంకో మంచి విషయం బయటపడుతుంది. మీ మెసేజ్ చదివినవాళ్ళకి మూడు బ్లౌజులూ లేట్ అని అర్థమవుతుంది. నిజానికి రెండు 10వ తేదీకే ఇవ్వగలరు. లేట్ అయ్యేది ఒక్కటే. ఆ సంగతి చెప్పకుండా "మీ బ్లౌజుల ఆర్డర్ లేట్" అని రాస్తే లేని భయం కూడా ఆవిడకి పెట్టినట్టే.

ఇప్పుడు మీ మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం

"మేడం". ఎప్పుడూ అక్కా అని పిలిచే మనిషిని ఇవాళ మేడం అన్నారు. మీరు మర్యాద కోసం రాసి ఉంటారు, నాకు తెలుసు. కానీ చదివే మనిషికి అది దూరం జరిగినట్టు ఉంటుంది. మామూలుగా చీర ఫోటో పంపేటప్పుడు "అక్కా ఇది చూడండి" అన్న మనిషి, తప్పు జరిగిన రోజున మేడం అంటే ఆఫీసు నుంచి నోటీసు వచ్చినట్టే. మీరు ఏ పిలుపుతో డబ్బులు తీసుకున్నారో ఆ పిలుపుతోనే క్షమాపణ అడగండి. అలాగని ఎప్పుడూ మేడం అనే కస్టమర్‌ని ఇవాళ కొత్తగా అక్కా అనకండి, అది కాకా పట్టినట్టు ఉంటుంది.

"లేట్ అవుతుంది". తెలుగులో ఈ "అయింది, జరిగింది" అన్న క్రియలు మనకి చాలా సులువు. ఎవరు చేశారో చెప్పకుండానే వాక్యం పూర్తవుతుంది. ఆలస్యం జరిగింది, పొరపాటు జరిగింది, డ్యామేజ్ అయింది. వాన పడినట్టు, కరెంటు పోయినట్టు దానంతట అదే జరిగింది అన్నమాట. క్షమాపణ అనుకున్నప్పుడు ఆ వాక్యంలో చేసిన మనిషి ఉండాలి. "10కి ఇస్తానన్నాను, ఇవ్వలేకపోతున్నాను" అని రాయండి. రెండు క్రియల్లోనూ మీరు ఉన్నారు చూడండి. ఇదొక్కటి మారిస్తే మెసేజ్ సగం మారిపోతుంది.

"కొంచెం" కూడా తీసేయండి. నాలుగు రోజులు కొంచెమో ఎక్కువో చెప్పాల్సింది ఆవిడ.

"అందరికీ లేట్ అవుతోంది, మీ ఒక్కరికే కాదు". ఇది మీరు ఓదార్పుగా రాశారు. ఆవిడకి మాత్రం "మీరేమీ ప్రత్యేకం కాదు" అని వినబడుతుంది. పైగా ఇంకో అర్థం కూడా వస్తుంది, చేయగలిగిన దానికన్నా ఎక్కువ ఆర్డర్లు తీసుకున్నారని. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీవ్రతం కలిసి రష్ వస్తుందని మన ఫీల్డులో అందరికన్నా ముందు తెలిసేది మనకే. ఏటా వచ్చే శ్రావణాన్ని కారణంగా చూపించలేం.

"మా వర్కర్స్ ఇద్దరు ఊరెళ్ళారు". ఇది అసలు కారణం, దీన్ని ఉంచవచ్చు. కాకపోతే దీని పక్కనే మీ భాగం చెప్పాలి. వాళ్ళు వెళ్ళి ఎన్ని రోజులైంది? మూడు నాలుగు రోజులై ఉంటుంది కదా. ఆ రోజే 10 కుదరదని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. ఎలాగోలా అయిపోతుందిలే అని ఊరుకున్నారు. నేనూ అలాగే ఎన్నోసార్లు ఊరుకున్నాను. నిజంగా మీరు చేసిన తప్పు అదే. పనివాళ్ళు వెళ్ళడం మీ చేతిలో లేదు, ఆవిడకి ఆ రోజే చెప్పడం మీ చేతిలో ఉంది. మెసేజ్‌లో ఒప్పుకోవాల్సింది దాన్నే. "కారిగర్లు ఊరెళ్ళారు" అని ఆపితే సాకు. "ఆ సంగతి తెలిసిన రోజే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు" అని కలిపితే అదే వాక్యం నిజాయితీ అవుతుంది.

"మీరు కూడా డిజైన్ మధ్యలో మార్చారు కదా". మీ వారికి గొడవలా అనిపించింది ఈ వాక్యమే అయి ఉంటుంది. ఇందులో రెండు చిన్న మాటలు ఉన్నాయి, "కూడా", "కదా". "కూడా" అనగానే తప్పులో ఆవిడకి వాటా పంచారు. "కదా" అనగానే ఆవిడ చేత ఒప్పించబోతున్నారు. మనం ఇంట్లో పోట్లాడుకునేటప్పుడు "నువ్వే అన్నావు కదా", "నేను చెప్పాను కదా" అంటామే, అదే "కదా" ఇది. క్షమాపణ మెసేజ్ రాశాక ఒకసారి ఈ "కదా" కోసం వెతకండి. ఎక్కడ కనబడినా ఆ వాక్యం మొత్తం తీసేయవచ్చు.

ఆవిడ నిజంగానే డిజైన్ మార్చారు, రెండు రోజులు నిజంగానే పోయాయి, మరి అది చెప్పుకోకూడదా అని మీకు అనిపిస్తుంది. చెప్పుకోవాల్సిన రోజు అది కాదు. ఆవిడ మార్పు అడిగిన రోజున "అక్కా, ఇలా మారిస్తే 10 కుదరదు, 12 అవుతుంది, సరేనా?" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఆ రెండు రోజులు ఆవిడవి అయ్యేవి. మీరు "సరే అక్కా" అని తీసుకున్నారు, తేదీ గురించి ఏమీ అనలేదు. అంటే పాత తేదీకే కొత్త డిజైన్ చేస్తానని ఒప్పుకున్నట్టు. ఆ రెండు రోజులు మీ ఖాతాలోవే. ఇకముందు ఏ మార్పు వచ్చినా కొత్త తేదీ చెప్పి, ఆవిడ సరే అన్నాకే మగ్గం మీద చెయ్యి పెట్టండి.

"మేం మా వంతు ప్రయత్నం చేస్తున్నాం". ఇంట్లో మీరొక్కరే, ఇద్దరు ముగ్గురు కారిగర్లతో చేసే పనికి ఈ "మేం" ఎవరు? ఆవిడ మాట్లాడింది మీతో, అడ్వాన్స్ ఇచ్చింది మీకు. క్షమాపణ "నేను"తో అడగాలి. ప్రయత్నం చేస్తున్నామన్న మాట ఆవిడకి పనికొచ్చేదీ కాదు. దాని బదులు పని ఎక్కడి దాకా వచ్చిందో చెప్పండి: వీపు అయింది, చేతులు మిగిలాయి.

"ఇబ్బంది కలిగితే క్షమించండి". "కలిగితే" అంటే కలిగిందో లేదో మీకు తెలియదన్నట్టు. వారంలో కూతురి పెళ్ళి, బ్లౌజు రాలేదు, ఇబ్బంది కలిగిందా లేదా అని అనుమానం ఎందుకు? ఈ "తే" మన చేతికి అలవాటైపోయింది, తప్పు ఉంటే మన్నించండి, బాధ కలిగితే క్షమించండి అని. దాని అన్నదమ్ములే "అసౌకర్యానికి చింతిస్తున్నాము" లాంటి మాటలు. రైల్వే స్టేషన్‌లో ఆ ప్రకటన విని ఎవరికైనా మనసు కుదుటపడిందా? రైలు లేట్ అని అర్థమవుతుంది, అంతే. ఆ ఇబ్బంది ఏమిటో పేరు పెట్టి చెప్పండి: "17న పెళ్ళి పెట్టుకుని చివరి వారంలో మీకు ఈ టెన్షన్ తెచ్చిపెట్టాను."

"దయచేసి అర్థం చేసుకోండి". తప్పు చేసింది మీరు, అర్థం చేసుకునే పని ఆవిడకి అప్పగించారు. ఇది కూడా వద్దు.

మార్చిన మెసేజ్

పేరు నేను ఊరికే పద్మ అని పెట్టాను, చెల్లెలు, తమ్ముడు కూడా నేను ఊహించి రాసినవే, మీకు తగ్గట్టు మార్చుకోండి.

*"పద్మక్కా, అమ్మాయి బ్లౌజు చెప్పినట్టు 10కి ఇవ్వలేకపోతున్నాను. 14 గురువారం ఉదయం ఇస్తాను. మీదీ, మీ చెల్లెలిదీ రెండూ 10కే వచ్చేస్తాయి.*

*17న పెళ్ళి పెట్టుకుని చివరి వారంలో మీకు ఈ టెన్షన్ తెచ్చిపెట్టాను, క్షమించండి. ఇద్దరు కారిగర్లు ఊరెళ్ళారు. ఆ సంగతి తెలిసిన రోజే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు.*

*వీపు వర్క్ పూర్తయింది, చేతులు మిగిలాయి. 14న మా తమ్ముడు బస్సులో తెచ్చి ఇంట్లో ఇస్తాడు. అమ్మాయి వేసుకుని చూశాక ఎక్కడైనా వదులు చేయాల్సి వస్తే కుదిరేలా పక్కల్లో మార్జిన్ ఎక్కువ ఉంచుతున్నాను.*

*14 దాకా ఆగడం కష్టమనిపిస్తే చేతులకి వర్క్ బదులు చీర అంచు వేసి 11కే ఇచ్చేస్తాను, చేతుల వర్క్ డబ్బులు తగ్గించుకుంటాను. మీకు ఏది నయమో చెప్పండి, అలాగే చేస్తాను."*

మీ పాత మెసేజ్ కన్నా ఇది పొడవే. క్షమాపణ చిన్నగా ఉండాలని చాలామంది చెప్తారు. పొడవు సమస్య కాదు, ఆ పొడవులో ఎవరి సంగతులు ఉన్నాయన్నదే చూసుకోవాలి. పాత దాంట్లో అన్నీ మీ సంగతులు. ఇందులో మీ గురించి ఉన్నవి రెండు వాక్యాలు, మిగతావన్నీ ఆవిడకి పనికొచ్చేవి.

మొదటి లైనులోనే అసలు వార్త పెట్టడానికి ఒక కారణం ఉంది. వాట్సాప్‌లో మెసేజ్ తెరవకముందు పైన కనబడేది ఆ మొదటి ముక్కే. "పద్మక్కా, ఎలా ఉన్నారు, పెళ్ళి పనులు ఎంతవరకు వచ్చాయి" అని మొదలుపెడితే ఆవిడ తీరిగ్గా చూద్దాంలే అనుకుంటారు. రెండో రోజు తెరిచి చూసేసరికి ఆవిడ దగ్గర ఉన్న సమయం కూడా తగ్గిపోతుంది. కుశలం అడిగి తర్వాత చెడ్డ వార్త చెప్పడం కూడా మెత్తగా చేసి చెప్తున్నట్టు ఉంటుంది.

క్షమించండి అన్న మాట ఒక్కసారే ఉంది, చూశారా. సారీ, వెరీ సారీ, రియల్లీ సారీ అక్కా అని నాలుగుసార్లు రాస్తే ఏమవుతుందంటే, ఆవిడ మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. "పర్లేదులే అమ్మా" అనిపించుకునేదాకా మీరు వదలనట్టు ఉంటుంది. "నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు", "ఏడుపొస్తోంది అక్కా" లాంటివి కూడా అంతే. అవి నిజమే అయినా ఆ మెసేజ్‌లో చోటు లేదు. మీ మీద జాలిపడే ఓపిక పెళ్ళివారికి ఉండదు.

రెండో దారి ఇవ్వడం గురించి కొంచెం చెప్పాలి. చీర అంచు చేతులు చాలామంది తీసుకోరు. ఆవిడ కూడా బహుశా 14కే ఒప్పుకుంటారు. అయినా ఆ దారి పెట్టండి. 14 అన్నది మీరు ఆవిడ మీద రుద్దిన తేదీ. ఇంకో దారి చూపించాక అదే 14 ఆవిడ ఎంచుకున్న తేదీ అవుతుంది. కాకపోతే మీరు నిజంగా చేయగలిగినదే రాయండి. 11కి ఇవ్వలేనప్పుడు 11 అని రాసి, ఆవిడ ఎలాగూ అడగరులే అనుకుంటే, అడిగిన రోజున మీ పని అయిపోతుంది.

డిస్కౌంట్ ఎందుకు రాయలేదని అనుకుంటున్నారేమో. చేయని పనికి డబ్బులు తగ్గించడం వేరు, అది న్యాయం, రాయాలి. "వచ్చే ఆర్డర్‌కి పది శాతం తగ్గిస్తాను" అన్నది వేరు. పెళ్ళికి బ్లౌజు వస్తుందో రాదో తెలియని మనిషికి వచ్చే ఆర్డర్ గురించి చెప్తే నోరు మూయించడానికి చిల్లర ఇచ్చినట్టుంటుంది. నేను ఒకసారి అలా రాసి బాగా మాటపడ్డాను. తగ్గించాలని ఉంటే బ్లౌజు చేరాక, బ్యాలెన్స్ తీసుకునేటప్పుడు మీ అంతట మీరు తగ్గించండి.

మెసేజ్ కన్నా ముందు ఫోన్

మామూలు ఆర్డర్ రెండు రోజులు లేట్ అయితే మెసేజ్ చాలు. పెళ్ళి వారంలో ఉన్నప్పుడు మెసేజ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే మొహం చాటేసినట్టు ఉంటుంది. ముందు ఫోన్ చేయండి. పైన రాసినవే నోటితో చెప్పండి. ఆవిడ కోప్పడితే మధ్యలో ఆపకండి. "నిజమే అక్కా" అనండి, అంతే. ఆవిడ "నీకు నెల ముందు ఇచ్చాను కదా" అంటారు. అక్కడ మీ నోటికి వెంటనే డిజైన్ మార్పు సంగతి వస్తుంది. దాన్ని మింగేయండి. ఆ ఒక్క మాట అంటే తర్వాతి పది నిమిషాలు ఎప్పుడు మార్చారు, ఎంత మార్చారు అన్న వాదనలోనే పోతాయి, తేదీ సంగతి పక్కకి పోతుంది. ఫోన్ అయ్యాక పైన రాసిన మెసేజ్ పంపండి. పెళ్ళింట్లో పదిమంది అడుగుతారు బ్లౌజు ఏమైందని. ఆవిడ ఆ మెసేజ్ చూపించి 14కి వస్తుందని చెప్పుకోగలుగుతారు.

ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టేయండి, సాయంత్రం మళ్ళీ చేయండి. ఎత్తలేదు కాబట్టి రేపు చూద్దాం అనుకోకండి. ఇవాళ 8. ఆవిడ 10వ తేదీన అడిగేదాకా ఆగితే ఇవే మాటలు సంజాయిషీ అవుతాయి. అడగకముందు చెప్తే సమాచారం. అందుకని ఇవాళే.

తర్వాత రోజూ సాయంత్రం ఒక ఫోటో పంపండి, మగ్గం మీద ఉన్న చెయ్యి ఎంతవరకు వచ్చిందో. మాటలు ఎక్కువ అక్కర్లేదు, "ఎడమ చెయ్యి అయింది అక్కా" చాలు. పాత ఫోటో కానీ, ఇంకో కస్టమర్ బ్లౌజు ఫోటో కానీ పొరపాటున కూడా పంపకండి. పెళ్ళికూతురు ఆ డిజైన్ని నెల రోజుల నుంచి ఫోన్‌లో పెద్దది చేసి చూసుకుంటూ ఉంటుంది, పూస తేడా ఉన్నా పట్టేస్తుంది.

నిజంగానే మన తప్పు లేనప్పుడు

అలాంటివీ ఉంటాయి. రెండేళ్ళ క్రితం నేను చెప్పిన రోజుకే పార్సెల్ ఇచ్చాను, అది దారిలో ఎక్కడో ఆగిపోయి నాలుగు రోజులకి చేరింది. అప్పుడు కూడా "మా తప్పు కాదు" అని రాయలేదు. అలా రాస్తే ఆవిడ చదివేది ఆ మూడు మాటలే. "8న పంపాను, రసీదు ఫోటో పెడుతున్నాను. పార్సెల్ ఇంకా దారిలోనే ఉంది. నేను ఇప్పుడే ఆఫీసుకి వెళ్ళి కనుక్కుని మధ్యాహ్నం 2 లోపు మీకు చెప్తాను" అని రాశాను. తప్పు ఎవరిదో రసీదు మీద ఉన్న తేదీయే చెప్తుంది, నేను చెప్పనక్కర్లేదు. అక్కడ క్షమాపణ కన్నా వెంటపడి కనుక్కోవడం ముఖ్యం. 2 గంటలకి ఏమీ తెలియకపోయినా సరే, ఆ సమయానికి "ఇంకా తెలియలేదు, 5కి మళ్ళీ చెప్తాను" అని పెట్టాను. ఆ మధ్యాహ్నం ఆవిడ నాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

దీనికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి ఒకటి ఉంది. కాగితం మీద లెక్క వేస్తే 17 లోపు కుదరదని తేలితే? మీకు ఆ పరిస్థితి లేదు, కానీ చదివేవాళ్ళలో ఎవరికైనా ఉండవచ్చు. అప్పుడు ఈ మెసేజ్ వాడకండి, ఆశ పెట్టే ఏ మాటా రాయకండి. "నాతో కాదు" అని ఆ గంటే చెప్పి, బట్ట, అడ్వాన్స్ తిరిగి ఇచ్చేసి, ఆ ఊళ్ళో ఖాళీగా ఉన్న మంచి టైలర్ ఎవరైనా తెలిస్తే నంబరు ఇవ్వండి. అయిదు రోజులు చేతిలో ఉన్న తల్లి ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. ఒక్క రోజు ఉన్న తల్లికి దారి ఉండదు.

మీ సంగతికి వస్తే, తమ్ముడిని పంపడం కుదరకపోతే ఆర్టీసీ కార్గోలో వేయవచ్చు, విజయవాడ నుంచి ఖమ్మం దగ్గరే. కానీ ఈ ఒక్కసారికి మనిషి చేత పంపమనే చెప్తాను. ఆ చార్జీలు మీరే పెట్టుకోండి, బిల్లులో వేయకండి. బ్లౌజు కవర్లో మళ్ళీ సారీ చీటీ ఏదీ పెట్టకండి, చెప్పాల్సింది చెప్పేశారు. దాని బదులు నాలుగు హుక్స్, అదే రంగు దారం, గుప్పెడు పూసలు చిన్న ప్యాకెట్లో వేసి పెట్టండి. పెళ్ళి రోజు పొద్దున ఒక హుక్ ఊడితే ఆవిడ మీకు ఫోన్ చేయకుండానే పని అయిపోతుంది.